శ్రీకాకుళం పాడ్‌కాస్ట్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

క్లుప్తంగా: చిన్న జిల్లా నుంచి వచ్చే తెలుగు పాడ్‌కాస్ట్‌కు ‘వెయ్యి మందికి ఇంత’ అనే ప్రకటన ధర పనికిరాదు. ఎంతమంది విన్నారన్నదాని కంటే, విన్నవారు ఏ ఊళ్ళో ఉన్నారన్నదే స్పాన్సర్‌ను నిర్ణయిస్తుంది. ఊళ్ళో ఉన్న శ్రోత దుకాణానికి పనికొస్తాడు, ఊరు విడిచిన శ్రోత పార్సిల్ వ్యాపారానికీ నెలనెలా చందాకీ పనికొస్తాడు. చిన్న క్లిప్‌లు నేరుగా తెచ్చే డబ్బు తక్కువ. స్పాన్సర్‌కు చూపించే సరుకుగా వాటికి విలువ ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రెండు మైకులు, ఒక ఫోను పెట్టుకుని పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవారికి ఎలా మొదలుపెట్టాలో చెప్పే వీడియోలు బోలెడు దొరుకుతాయి. పది పదిహేను ఎపిసోడ్‌లు అయ్యాక ఇంట్లోవాళ్ళు అడిగే ‘దీనివల్ల ఏటొస్తాది?’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు సులువుగా దొరకదు. దొరికినా అది అమెరికా పాడ్‌కాస్ట్‌ల లెక్క, లేదా హైదరాబాద్‌లో సినిమావాళ్ళను కూర్చోబెట్టి చేసే పెద్ద ఇంటర్వ్యూల లెక్క. ఎపిసోడ్‌కు ఏడెనిమిది వందల మంది వినే కార్యక్రమానికి ఆ రెండూ సరిపోవు. అలాంటి ఒక ఊహా పాడ్‌కాస్ట్‌ను తీసుకుని, రూపాయి ఎటు నుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూడడం ఈ వ్యాసం పని. ఇందులోని ధరలు, శాతాలు లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంచనాలు. నిబంధనలు, వేదికల షరతులు మాత్రం అసలువే.

## ఊహా పాడ్‌కాస్ట్ ఒకటి

శ్రీకాకుళంలో ఇద్దరు స్నేహితులు వారానికో ఎపిసోడ్ చేస్తున్నారనుకుందాం. నిడివి 45 నిమిషాలు. ఊరు విడిచి వెళ్ళి బతుకుతున్నవారితోనూ, వెళ్ళి తిరిగొచ్చినవారితోనూ మాటామంతీ. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన వెల్డరు, గుజరాత్‌లోని వెరావల్ రేవులో వేటకు పనిచేసి వచ్చిన మత్స్యకారుడు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న రాజాం అమ్మాయి. వలస ఇంత మామూలైన జిల్లాలో అతిథులకు కొదవ ఉండదు.

సామాన్ల విషయం త్వరగా తేల్చేయవచ్చు. నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడే డైనమిక్ మైకు రూ.3,000 నుంచి 6,000 మధ్య దొరుకుతుంది. దూరం శబ్దాలను కూడా పట్టేసే కండెన్సర్ మైకు కంటే మన ఇళ్ళకు ఇదే నయం, ఎందుకంటే ఫ్యాను ఆపితే అతిథికి చెమటలు, ఆపకపోతే రికార్డింగ్‌లో హోరు. పరుపులు, బట్టల బీరువా ఉన్న పడకగది చాలు. ఆడియోను ఒక హోస్టింగ్ సేవలో పెడితే అది ఎపిసోడ్‌ల జాబితా ఉండే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అనే లింకు ఇస్తుంది, ఆ ఫీడ్‌నే అన్ని యాప్‌లకూ ఇస్తారు. స్పాటిఫై 2019లో కొన్న యాంకర్ సేవే ఇప్పుడు స్పాటిఫై ఫర్ క్రియేటర్స్ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. గూగుల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024లో మూతపడ్డాక ఆ శ్రోతలను గూగుల్ యూట్యూబ్ మ్యూజిక్ వైపు మళ్ళించింది. తెలుగులో ఎక్కువమంది వినేది ఎలాగూ యూట్యూబ్‌లోనే కాబట్టి వీడియో కూడా తీయక తప్పదు.

నెల ఖర్చు ఇలా ఉంటుందనుకుందాం. అతిథుల రానుపోను ఖర్చులు రూ.1,500. క్లిప్‌లు కత్తిరించే కుర్రాడికి ఒక్కోదానికి రూ.250 చొప్పున 12 క్లిప్‌లకు రూ.3,000. డేటా, టీలు, చిల్లర రూ.700. మొత్తం రూ.5,200. ఒక్కో ఎపిసోడ్‌కు ఇద్దరూ పెట్టే పది పన్నెండు గంటల శ్రమకు ఇందులో పైసా కట్టలేదు.

## ‘వెయ్యికి ఇంత’ ఎందుకు కుదరదు

పాడ్‌కాస్ట్ ప్రకటనల పరిశ్రమ వెయ్యి డౌన్‌లోడ్‌లకు ఇంత అని ధర కడుతుంది. డౌన్‌లోడ్ అంటే ఏమిటో కూడా ఆ పరిశ్రమ ఒక ప్రమాణం పెట్టుకుంది. కనీసం ఒక నిమిషం ఆడియో శ్రోత పరికరంలోకి దిగితేనే లెక్క, అదే పరికరం 24 గంటల్లో ఎన్నిసార్లు తెరిచినా ఒక్కటే లెక్క. హోస్టింగ్ సేవలో కనిపించే సంఖ్యకూ యూట్యూబ్‌లోని వ్యూల సంఖ్యకూ పొంతన ఉండకపోవడానికి ఇదొక కారణం. ఆ రెండింటినీ కలిపేసి స్పాన్సర్‌కు ఒకే సంఖ్య చెప్పడం తరచూ జరిగే పొరపాటు. స్పాన్సర్ కొడుకు కాస్త తెలిసినవాడైతే మొదటి సమావేశంలోనే పట్టుకుంటాడు.

ఊహా పాడ్‌కాస్ట్‌ను నెల రోజుల్లో ఎపిసోడ్‌కు 700 మంది వింటున్నారనుకుందాం. అందులో 450 యూట్యూబ్‌లో, 250 ఆడియో యాప్‌లలో. వెయ్యికి రూ.300 చొప్పున కట్టినా ఎపిసోడ్‌కు వచ్చేది రూ.210. నాలుగు ఎపిసోడ్‌లకు రూ.840. ఈ ధరకు ఏజెన్సీలు అసలు మాట్లాడవు, ఎందుకంటే బిల్లు రాసే ఖర్చే అంతవుతుంది.

కాబట్టి చిన్న పాడ్‌కాస్ట్ స్పాన్సర్‌తో వేల లెక్కలో మాట్లాడకూడదు. నెలకు గుండుగుత్తగా ఇంత అనాలి. ఎంత అనాలన్నది పాడ్‌కాస్ట్ ఖర్చును బట్టి తేలదు. స్పాన్సర్‌కు ఒక్కో అమ్మకం మీద మిగిలేది ఎంత, విన్నవారిలో ఎంతమంది కొనగలరు అన్న రెండు ప్రశ్నలను బట్టి తేలుతుంది. కొనగలగడం దగ్గరే భూగోళం వచ్చి కూర్చుంటుంది.

## వినేవాడు ఎక్కడున్నాడు?

ఊరు విడిచినవారి గురించిన కార్యక్రమాన్ని ఎక్కువగా వినేది ఊరు విడిచినవారే. 700 మందిలో రెండు జిల్లాల్లో ఉన్నవారు 180 మంది అనుకుందాం. మిగతా 520 మంది విశాఖ, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, గల్ఫ్. ఏడురోడ్ల జంక్షన్ దగ్గరి బట్టల దుకాణానికి ఆ 520 మంది సంక్రాంతికి తప్ప అక్కరకు రారు. ఆ యజమాని కొంటున్నది నిజానికి 180 మందినే. నెల తిరిగేసరికి ‘మీ పాడ్‌కాస్ట్ విని ఎవరూ రాలేదు’ అంటాడు, ఆ మాటా నిజమే.

ఈ విభజన తెలుసుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. యూట్యూబ్ స్టూడియోలో నగరాల వారీ లెక్క కనిపిస్తుంది. కానీ మొబైల్ డేటా మీద చూసేవారి చిరునామా తరచూ టెలికాం కంపెనీ కేంద్రం ఉన్న పెద్ద నగరంగా నమోదవుతుంది. పలాసలో కూర్చుని విన్న మనిషి హైదరాబాద్ ఖాతాలో పడిపోవచ్చు. అందుకే అనలిటిక్స్ పేజీని స్పాన్సర్‌కు అచ్చంగా చూపించడం ఇద్దరికీ నష్టమే.

నమ్మదగిన పద్ధతి పాతదే, అడగడం. రెండు ఎపిసోడ్‌ల పాటు ‘ఈ నంబరుకు మీ ఊరి పేరు, ఇప్పుడు ఉంటున్న ఊరి పేరు వాట్సాప్ చేయండి’ అని చెప్పాలి. వంద జవాబులు వచ్చినా చాలు, నిష్పత్తి బయటపడుతుంది. రెండు ఊళ్ళూ అడగడంలో కిటుకు ఉంది. ‘సోంపేట, ఇప్పుడు దుబాయ్’ అని వచ్చిన జవాబు ఒకే శ్రోత గురించి రెండు వేర్వేరు స్పాన్సర్‌లకు పనికొచ్చే సంగతి చెబుతుంది. అతను దుకాణానికి రాలేడు, ఇంట్లోవాళ్ళు మాత్రం సోంపేటలోనే ఉన్నారు.

## జీడిపప్పు లెక్క

ఆ 520 మందికి అమ్మగలిగే వ్యాపారి ఎవరు? ఊరి సరుకును పార్సిల్‌లో పంపేవాడు. ఈ ప్రాంతంలో మొదట గుర్తొచ్చేది పలాస జీడిపప్పు. కొరియర్ ఖర్చు పోను కిలోకు రూ.120 మిగిలే వ్యాపారి ఒకరు దొరికారనుకుందాం. పాడ్‌కాస్ట్ చేసేవాళ్ళు తమ ఖర్చు రూ.5,200 చూసుకుని నెలకు రూ.5,000 అడుగుతారు. ఆయన ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలంటే నెలకు 42 కిలోలు అమ్మాలి. బయట ఉన్న 520 మందిలో నూటికి ఐదుగురు కిలో చొప్పున కొన్నా 26 కిలోలే. 26 కిలోల మీద మిగిలేది రూ.3,120. అంటే ఈ పాడ్‌కాస్ట్ ఆయన దగ్గర అడగదగ్గ ధర నెలకు సుమారు రూ.3,000. ఐదు వేలు అడిగి ఒప్పించినా ఒప్పందం రెండో నెల దాటదు.

నూటికి ఐదుగురు కొనడం కూడా మొదటి నెలలో జరగదు. మొదటి నెల ఆరేడు కిలోలతో సరిపోవచ్చు. కొన్నవారు బాగుందని మళ్ళీ తెప్పించుకోవడం, దసరా, దీపావళి ముందు స్వీట్లకు, ఆఫీసులో పంచడానికి తీసుకోవడం మీదే లెక్క పుంజుకుంటుంది. కాబట్టి ఒప్పందం మూడు నెలలకు తక్కువ కాకుండా, పండగలు మధ్యలో వచ్చేలా ఉండాలి. ఆగస్టులో మొదలుపెట్టిన ఒప్పందానికీ జనవరి చివర్లో మొదలుపెట్టినదానికీ ఫలితం ఒకేలా ఉండదు.

అమ్మకం పాడ్‌కాస్ట్ వల్లే వచ్చిందని ఎలా తెలుస్తుంది? అందరూ చెప్పే ఉపాయం కూపన్ కోడ్. కానీ వాట్సాప్‌లో ఆర్డరు పెట్టే చోట కోడ్ చెప్పడం జనం మర్చిపోతారు, పదిమందిలో ముగ్గురే చెబుతారు. దానికన్నా పాడ్‌కాస్ట్ శ్రోతల కోసం విడిగా ఒక వాట్సాప్ బిజినెస్ నంబరు పెట్టడం మేలు. ఆ నంబరుకు వచ్చిన ప్రతి ఆర్డరూ పాడ్‌కాస్ట్‌దే. వ్యాపారికి ఇంకో సిమ్ ఖర్చు తప్ప వేరే భారం లేదు, నెలాఖరుకు వాదన ఉండదు.

ప్రకటనను ఎపిసోడ్‌లో ఎక్కడ పెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దానికీ లెక్క ఉంది. మొదట్లోనే పెడితే జనం దాటేస్తారు. చివర్లో పెడితే అప్పటికి వినేవారు సగం కూడా మిగలరు. కథ రుచి పట్టాక, పదో నిమిషం దగ్గర, మాట్లాడుతున్న మనిషే తన గొంతుతో చెప్పే నిమిషం ప్రకటన ఎక్కువ వినబడుతుంది. ఇలా ఎపిసోడ్‌లో కలిసిపోయిన ప్రకటన ఎప్పటికీ అందులోనే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత ఎవరో విని పాత ధరకు అడిగితే వ్యాపారికి చిరాకు. అందుకని నోటితో ధర చెప్పకూడదు, నంబరు మాత్రమే చెప్పాలి. ధర డిస్క్రిప్షన్‌లో ఉంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

చెల్లింపు విషయంలో ఊరి మొహమాటం అడ్డొస్తుంది. ‘పండగ అయ్యాక చూద్దాంలే’ అన్న మాట మీద మూడు నెలలు గడిచిపోయిన సందర్భాలు ఏ చిన్న వ్యాపారంలోనైనా ఉన్నవే. సగం ముందు, సగం నెలాఖరుకు అని కాగితం మీద రాసుకోవడమే దీనికి మందు. డబ్బుకు బదులు నాలుగు డబ్బాల జీడిపప్పు ఇస్తామంటే తీసుకోవచ్చు, కానీ దాని విలువ కూడా ఆదాయమే.

## లెక్క కుదిరే చోటే చిక్కు

జీడిపప్పులో కిలోకు మిగిలేది తక్కువ కాబట్టి చాలామంది కొనాలి. దీనికి పూర్తిగా ఎదురు కోచింగ్ సెంటర్, ప్లాట్ల వెంచర్. ఒక్క అడ్మిషన్, ఒక్క ప్లాటు అమ్ముడైతే ఏడాది స్పాన్సర్‌షిప్ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. జిల్లాలో ఉన్న 180 మందే చాలు. పోలీసు, ఆర్మీ, టీచరు ఉద్యోగాల కోసం తయారయ్యే కుర్రకారు ఇంతమంది ఉన్న చోట, భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి చుట్టుపక్కల భూముల ప్రచారం జోరుగా సాగే చోట, ముందుగా ఫోన్ చేసే స్పాన్సర్‌లు వీళ్ళే కావడంలో ఆశ్చర్యం లేదు.

చట్టం ఎక్కువ చూపు పెట్టింది కూడా వీళ్ళ మీదే. స్థిరాస్తి చట్టం ప్రకారం వెంచర్ ప్రకటనలో రెరా నమోదు నంబరు, రెరా సంస్థ వెబ్‌సైటు ఉండాలి. ‘నంబరు వచ్చేస్తుంది, ముందు మీరు చెప్పేయండి’ అనే వెంచర్‌ను అక్కడితో వదిలేయాలి. కోచింగ్ సంస్థల తప్పుదారి ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ‘నూటికి నూరు శాతం సెలక్షన్’ లాంటి హామీలు వాటి ప్రకారం కుదరవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల భయం ఉన్న చోట మూలికల మందువాళ్ళు కూడా వస్తారు. కొన్ని జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది, మూత్రపిండాల్లో రాళ్ళు ఆ జాబితాలో ఉన్నాయి.

మైకు ముందు కూర్చుని చదివినవారికి దీంతో సంబంధం లేదనుకోవడం పొరపాటు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనను సిఫారసు చేసినవారికి కూడా రూ.10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. చెప్పే ముందు నిజానిజాలు తగినంత విచారించినట్టు చూపగలిగితే రక్షణ ఉంటుంది. కాబట్టి కోచింగ్ సెంటర్ ఇచ్చిన ఫలితాల జాబితాను అలాగే చదవకుండా, ఆధారాల కాపీలు అడిగి దాచుకోవాలి. కిలో జీడిపప్పుకు ఇంత జంజాటం ఉండదు. రూ.3,000 స్పాన్సర్‌ను రూ.15,000 స్పాన్సర్‌తో పోల్చేటప్పుడు ఈ తేడాను కూడా ధరలో కలుపుకోవాలి.

డబ్బు తీసుకుని చెబుతున్నామన్న సంగతి దాచకూడదు. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో పెట్టిన నియమాల ప్రకారం ఆడియోలో ఆ మాట మొదట్లో, చివర్లో, ప్రతి విరామానికి ముందూ వెనకా చెప్పాలి. 15 సెకన్లు దాటి రెండు నిమిషాల లోపు ఉండే వీడియోలో ఆ లేబుల్ మూడో వంతు సేపైనా తెర మీద ఉండాలి. నిమిషం క్లిప్ అయితే 20 సెకన్లన్నమాట. యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు ‘పెయిడ్ ప్రమోషన్’ గడి టిక్ చేయడం దీనికి అదనం.

## చదివింపుల మాదిరి

శ్రోతల నుంచి చందా తీసుకోవడం కొత్త విషయంలా అనిపించినా, ఈ నేలకు తెలిసిన పద్ధతే. హరికథ మధ్యలో, నాటకం మధ్యలో ‘ఫలానా ఊరు, ఫలానా వారు నూట పదహార్లు చదివించారు’ అని ఆపి మరీ చెప్పేవారు. ఇచ్చినవాడికి అందే ప్రతిఫలం అలా చెప్పడమే. పదిమందిలో తన పేరు, ముఖ్యంగా తన ఊరి పేరు. వలస గురించిన పాడ్‌కాస్ట్‌లో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ‘కంచిలి నుంచి వెళ్ళి మస్కట్‌లో ఉంటున్న ఒక అన్న’ అని చదివితే చాలు. బోనస్ ఎపిసోడ్‌లు, ప్రత్యేక గ్రూపులు వంటి బహుమతులు ప్రకటించి, వాటిని తయారు చేయలేక నెలలో చేతులెత్తేయడం కంటే ఇది చవక.

అంకెలు మాత్రం చిన్నవే. వినేవారిలో నూటికి ఇద్దరు నెలకు వంద ఇస్తారనుకుంటే 14 మంది, రూ.1,400. యూపీఐలో నేరుగా వేస్తే కోత ఉండదు. పేమెంట్ గేట్‌వే ద్వారా అయితే సుమారు రెండు శాతం, దాని మీద జీఎస్టీ పోతుంది. యూట్యూబ్ మెంబర్‌షిప్ అయితే సృష్టికర్తకు దక్కేది 70 శాతం, అది కూడా ముందు ఛానల్ అర్హత సాధించాక.

ప్రతినెలా దానంతట అదే కట్ అయ్యే ఆటోపే బాగుంటుందనిపిస్తుంది. అయితే రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీసే ముందు 24 గంటల ముందుగా ఖాతాదారుకు కబురు వెళ్ళాలి. ఆ మెసేజ్ చూసినప్పుడల్లా ‘ఇదింకా కడుతున్నానా’ అని ఒకరిద్దరు ఆపేస్తారు. ఖాతాలో డబ్బు లేక ఫెయిలయ్యేవి ఇంకొన్ని. అందుకే ఏడాదికోసారి రూ.999 అడగడం చిన్న పాడ్‌కాస్ట్‌కు నెలనెలా వంద కన్నా నిలకడగా ఉంటుంది. అడగాల్సిన సమయం సంక్రాంతి ముందు, ఊరి మీద మనసు లాగే రోజుల్లో.

గల్ఫ్ శ్రోతల దగ్గర ఒక సౌకర్యం ఉంది. 2023 నుంచి యూఏఈ, సౌదీ, ఒమన్, ఖతార్ సహా పది దేశాల ఫోన్ నంబర్లతో ప్రవాస భారతీయుల ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు యూపీఐ కలుపుకునే వీలు ఇచ్చారు. విదేశీ డబ్బు విషయంలో గీత ఒకటి గుర్తుంచుకోవాలి. వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు చేసే సంస్థలు విదేశీ విరాళాలు తీసుకోకూడదని 2010 నాటి చట్టం చెబుతుంది. గల్ఫ్‌లో పనిచేసే భారత పౌరుడు తన జీతంలోంచి పంపేది దీని కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న బంధువు పంపేది మాత్రం విదేశీ మూలమే.

ఇంటి ఖర్చులు నడిచే ఖాతాకే క్యూఆర్ కోడ్ పెట్టేయడం ఇంకో ప్రమాదం. తెలియనివారి నుంచి వచ్చిన డబ్బులో సైబర్ మోసం సొమ్ము కలిసి ఉంటే పోలీసు ఫిర్యాదు మీద బ్యాంకు ఆ ఖాతాను ఆపేస్తుంది. అదే ఖాతాలో జీతం, ఈఎంఐ ఉంటే టెన్షన్ మామూలుగా ఉండదు. పాడ్‌కాస్ట్‌కు వేరే ఖాతా ఉండాలి. ఫోన్ నంబరు బయటపడని యూపీఐ ఐడీ పెట్టుకోవడం కూడా అంతే అవసరం, ముఖ్యంగా ఆడవాళ్ళు నడిపే కార్యక్రమాలకు. వచ్చిన చందా దానం లెక్కలోకి రాదు, ఆదాయంగానే చూపాలి. జీఎస్టీ నమోదు ఏడాదికి రూ.20 లక్షలు దాటితేనే కాబట్టి ఈ స్థాయిలో దాని గొడవ లేదు.

## క్లిప్‌ల సంగతి

యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లో కలవదు. క్లిప్ లక్ష వ్యూలు దాటినా పొడవు ఎపిసోడ్‌ల గంటలు కదలకపోవడానికి ఇదే కారణం.

ఊహా పాడ్‌కాస్ట్‌కు ఇది ఎలా పడుతుందో చూద్దాం. యూట్యూబ్‌లో ఎపిసోడ్‌కు 450 మంది, సగటున 12 నిమిషాలు చూస్తే 90 గంటలు. 4,000కు చేరడానికి 45 వారాలు. 12 నెలల కిటికీ జరుగుతూ పోతుంటుంది, వెనక గంటలు రాలిపోతుంటాయి. కాబట్టి వారానికి 385 మంది కంటే తక్కువ, అదే 12 నిమిషాలు చూస్తే ఎన్నేళ్ళు చేసినా గీత దాటదు, పాత ఎపిసోడ్‌లను జనం వెతుక్కుని చూస్తే తప్ప. దాటాక కూడా ఇన్ని వ్యూలకు వచ్చేది నెలకు కొన్ని వందల రూపాయలే. 500 సబ్‌స్క్రైబర్లు, 90 రోజుల్లో మూడు అప్‌లోడ్‌లు, 3,000 గంటలతో ముందుగా తెరుచుకునే మెట్టు ఒకటుంది. అక్కడ మెంబర్‌షిప్ లాంటివి వస్తాయి గానీ ప్రకటనల వాటా రాదు.

మరి క్లిప్‌కు రూ.250 చొప్పున నెలకు రూ.3,000 ఎందుకు పెట్టాలి? క్లిప్ చూసిన మనిషిని ఎపిసోడ్ దాకా నడిపించడానికి. ఈ నడక కూడా తేలిక కాదు. 2023 ఆగస్టు నుంచి షార్ట్స్ కామెంట్లలో, డిస్క్రిప్షన్‌లో ఇచ్చే లింకులు నొక్కితే తెరుచుకోవు. మిగిలిన దారి ‘రిలేటెడ్ వీడియో’ అనే అమరిక. చాలామంది క్లిప్ పెట్టేటప్పుడు దాన్ని నింపరు, కింద ‘లింక్ కామెంట్‌లో’ అని రాస్తారు. అంతటితో ఆ దారి మూసుకుపోయినట్టే.

క్లిప్ ఎంపికలోనే ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. వెరావల్ వెళ్ళొచ్చిన మత్స్యకారుడు 45 నిమిషాల్లో ఒకచోట ‘ఓపాలి పడవ తిరగబడిపోనాది, నాను మాత్రం భయపడ్నేదు’ అని నవ్వుతాడు. ఆ పది సెకన్లు కత్తిరించి పెడితే వ్యూలు వస్తాయి. కామెంట్లలో సగం యాసను వెక్కిరించేవే ఉంటాయి, ఎందుకంటే సినిమాలు ఉత్తరాంధ్ర యాసను హాస్యానికే ఎక్కువగా అలవాటు చేశాయి. నవ్వుకోవడానికి వచ్చినవాడు పూర్తి ఎపిసోడ్ వినడు, జీడిపప్పు కొనడు, చందా ఇవ్వడు. పైగా క్లిప్ చూసి ఆ మత్స్యకారుడి ఇంట్లోవాళ్ళు నొచ్చుకుంటే, తర్వాతి అతిథి దొరకడం కష్టం. అదే మాటకు ముందున్న అర నిమిషం, ఆ రాత్రి పడవలో ఎంతమంది ఉన్నారో, ఎలా ఈదారో కూడా కలిపి 50 సెకన్లు ఉంచితే వ్యూలు తగ్గుతాయి, నడిచి వచ్చేవారు పెరుగుతారు. క్లిప్ బాగుందో లేదో దాని వ్యూలను బట్టి తేల్చకూడదు. ఆ వారం ఎపిసోడ్‌కు షార్ట్స్ నుంచి ఎంతమంది వచ్చారో స్టూడియోలోని ‘ట్రాఫిక్ సోర్స్’ చెబుతుంది, చూడాల్సింది అదే.

క్లిప్ కింద అక్షరాలు తప్పనిసరి, చాలామంది శబ్దం లేకుండానే చూస్తారు. ఆటోమేటిక్ సబ్‌టైటిళ్ళు ‘నేదు’, ‘బేగి’ లాంటి మాటలను ఏదో ఒకటిగా మార్చేస్తాయి, చేత్తో దిద్దుకోవాలి. కొన్ని ఎడిటింగ్ యాప్‌లు ఒత్తులను విడదీసి పక్కన పడేస్తాయి, ‘శ్రీకాకుళం’ అన్న మాటే ముక్కలవుతుంది. ఎడిటర్‌ను పెట్టుకునే ముందు ఈ ఒక్క మాట టైపు చేయించి చూస్తే యాప్ పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది. వెనక సినిమా పాట వేయాలన్న ఆశ కూడా మానుకోవాలి. షార్ట్స్ నిడివిని 2024 అక్టోబరులో మూడు నిమిషాలకు పెంచారు గానీ, నిమిషం దాటిన షార్ట్‌లో హక్కుల క్లెయిమ్ పడితే ఆ వీడియోనే ఆగిపోతుంది.

క్లిప్‌కు నేరుగా డబ్బు కట్టేది స్పాన్సర్ ఒక్కడే. జీడిపప్పు వ్యాపారికి నెలకు నాలుగు ఎపిసోడ్ ప్రకటనలతో పాటు రెండు క్లిప్‌ల చివర ఆయన నంబరు వేసి ఇస్తే, ఆ వీడియో ముక్కను ఆయన తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటాడు. ఊళ్ళో వ్యాపారులు ఒకరి స్టేటస్ ఒకరు చూస్తారు. రెండో స్పాన్సర్ ఎక్కువగా అక్కడి నుంచే ఫోన్ చేస్తాడు. అతిథి మాటలను ప్రకటనతో కలిపి వాడేటప్పుడు మాత్రం ముందే ఆయన ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇంటర్వ్యూకు ఒప్పుకోవడం వేరు, జీడిపప్పు ప్రకటనలో కనిపించడానికి ఒప్పుకోవడం వేరు.

## పదో నెల ఖాతా

అన్నీ ఓ మోస్తరుగా సాగితే పదో నెలలో ఊహా పాడ్‌కాస్ట్ పుస్తకం ఇలా ఉంటుంది. జీడిపప్పు స్పాన్సర్ రూ.3,000, చందాలు రూ.1,400, మొత్తం రూ.4,400. ఖర్చు రూ.5,200. లోటు రూ.800. క్లిప్‌లను 12 నుంచి 8కి తగ్గిస్తే రూ.1,000 మిగిలి, లోటు పోయి రూ.200 చేతిలో ఉంటుంది. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిన రెండు నెలలు, ఆధారాలు చూపించగల కోచింగ్ సెంటర్ ఒకటి నెలకు రూ.6,000 ఇస్తే, ఆ డబ్బు ఇంకో మైకుకూ నాలుగు నెలల బస్సు చార్జీలకూ సరిపోతుంది. ఇద్దరి శ్రమకు కూలి కట్టాలంటే మాత్రం ఎపిసోడ్‌కు 700 మంది చాలరు. అదే జీడిపప్పు వ్యాపారి రూ.8,000 ఇచ్చి గిట్టుబాటు చేసుకోవాలంటే బయట ఉన్న శ్రోతలు 1,300 దాటాలి. ఇప్పుడున్న 520కి రెండున్నర రెట్లు.